నంబరు మీద బొట్టు

నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. "దీని కాళ్లల్లో చక్రాలుండాయి" అని మా అమ్మ నా చిన్నప్పుడే తీర్మానించేసింది. అందుకేనేమో తిరిగే పనే దొరికింది నాకు. పేరున్న కంపెనీ సరుకు లాగే కనిపించే దొంగ సరుకు ఏ అంగట్లో ఉందో చూడాలి, దాని గుర్తులన్నీ ఫోటోలు తీయాలి, అసలు కంపెనీకి పంపాలి. అనంతపురంలో నేనీ పని చేస్తానని చెబితే చాలామంది నమ్మరు. "ఫోటోలు తీస్తే జీతమిస్తారా?" అని నవ్వుతారు. నవ్వనీ.

రాప్తాడు దగ్గర ఒక హైస్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేసినప్పుడు మార్చి ఎండలు అప్పుడే ముదిరాయి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి.

"తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక గంట చెప్పల్ల మేడమ్. నకిలీ సరుకు కొంటే మనకేం నష్టం, మీరు ఫోటోలతో దాన్ని ఎట్ల పట్టుకుంటారు, ఇంతే. అర్థమయ్యేటట్ల చెప్తే చాలు."

నాకు పిల్లలకు చెప్పే ఓపిక ఎక్కడిది? అయినా ఒప్పుకున్నాను. సంచిలో రెండు ఛార్జర్లు, రెండు ముఖం క్రీములు వేసుకుని స్కూటీ మీద హైవే ఎక్కాను. ప్రతి జతలో ఒకటి అసలుది, ఒకటి దొంగది.

క్లాసులో వాటిని బల్ల మీద పెట్టి "ఏది దొంగదో చెప్పండి" అన్నాను. క్లాసు క్లాసంతా అసలు వాటినే వేలెత్తి చూపించింది. ఎందుకట? దొంగవి ఎక్కువ మెరుస్తున్నాయట! నాకు నవ్వూ వచ్చింది, మంటా పుట్టింది. పెద్దవాళ్లూ అంతే. డబ్బా మెరిస్తే చాలు, దండం పెట్టేస్తారు.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "చవగ్గా వస్తాది గదా మేడమ్? మన దుడ్లు మిగులుతాయి. మనకేం నష్టం? నష్టం కంపెనీకి గదా?"

మంచి ప్రశ్నే. రెండు ఛార్జర్లనూ ముందే విప్పి తెచ్చుకున్నాను కాబట్టి పక్కపక్కనే పెట్టాను. అసలు దాంట్లో గోడ కరెంటు వచ్చే భాగానికీ, ఫోనుకు పోయే భాగానికీ మధ్య ఎడం ఉంది, అడ్డు ఉంది. దొంగదాంట్లో ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. "ఛార్జింగులో పెట్టి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటావే, అప్పుడు నీకూ గోడ కరెంటుకూ మధ్య ఉండాల్సింది ఇదే. దొంగ సరుకు చేసేవాడు దీన్నే మింగేశాడు. నీకు మిగిలిందేమి?" అన్నాను. దొంగ క్రీముల్లో కొన్నింట్లో పాదరసం ఉంటుందనీ, నాలుగు రోజులు తెల్లగా కనిపించి తర్వాత చర్మాన్నీ, లోపల మూత్రపిండాలనూ పాడుచేయొచ్చనీ చెప్పాను. దొంగ మాత్రలో మందే లేకపోతే జ్వరం తగ్గదు. డాక్టరేమో మందు పనిచేయలేదనుకుంటాడు. జబ్బు ముదురుతుంది.

"అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది" అన్నాను. "పాడైతే అడగడానికి మనిషి ఉండడు. డబ్బా మీద పేరున్న కంపెనీ దాన్ని చేయలేదు. చేసినవాడి పేరు డబ్బా మీద లేదు. నీ చేతిలో మాత్రం పాడైన వస్తువు ఉంటుంది."

అప్పుడు చూశాను, తలుపు దగ్గర ఒకామె నిలబడి వింటోంది. చేతిలో సాంబారు గరిటె. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె. పిల్లలు ఆమెను వంటక్క అంటారు. నేను చూడగానే పక్కకు తప్పుకుంది, కానీ పోలేదు.

ఇక ఫోటోల సంగతి. ఇది నా సొంత రాజ్యం కదా, గొంతు లేచింది. "మొట్టమొదట తుడవద్దు, కడగొద్దు, చింపొద్దు. ఉన్నదున్నట్టు తీయాలి. ముందు మొత్తం వస్తువు. తర్వాత అన్ని వైపులా. ఆ తర్వాతే దగ్గరికి పోవాలి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, చిరునామా, మూత, అతుకు. పక్కన స్కేలు పెడితే అక్షరం ఎంత ఉందో తెలుస్తుంది. చెక్కిన నంబరైతే వెలుతురు ఎదురుగా కాదు, పక్కనుంచి పడాలి. అప్పుడే గీతల్లో నీడ పడి కనిపిస్తాయి." ఒక పిల్లవాడి పెన్సిల్ డబ్బా మీద టార్చి పక్కగా వేసి చూపించాను. కనిపించని గీతలన్నీ లేచి నిలబడ్డాయి. క్లాసంతా "ఓ..." అంది.

"తీసిన ఫోటోకు సోకులు చేయొద్దు. అసలు ఫోటో ఫోన్లోనే ఉండనీ. ఎప్పుడు తీశామో, ఏ ఫోన్‌తో తీశామో దాంట్లోనే దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగి మసకబారుతుంది, ఆ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి. ఇంకొక మాట. ఫోటో అనుమానమే, తీర్పు కాదు. అసలుదో కాదో కంపెనీ చెప్పాలి, పరీక్ష చెప్పాలి. ఫోటో పట్టుకుని అంగడి ముందుకు పోయి దొంగా దొంగా అని అరవడం, ఫేస్‌బుక్‌లో పెట్టడం, అవన్నీ తిక్క పనులు. బిల్లు దాచుకుని ఫిర్యాదు చేయాలి."

గంట మోగింది. పిల్లలు పళ్లేలతో పరిగెత్తారు. నేను సంచి సర్దుకుంటుంటే వంటక్క లోపలికొచ్చింది.

"మేడమ్, మోటర్లు గూడా దొంగవి వస్తాయా?"

"రావడమేమి, బండ్లకొద్దీ వస్తాయి."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మాది చీనీ తోట. పెట్టి నాలుగేండ్లాయ. ఈ ఏడే మొదటి కాపు. బోరు సన్నగా పోస్తాది, నీళ్లు తొట్టిలో నింపి మోటరుతో డ్రిప్పుకు తోలుకుంటాం. సంక్రాంతి పోయినాక కొత్త మోటరు తెచ్చినాం, మంచి కంపెనీది. కాలిపాయ. అంగడాయన 'ఈ మోటరు నాది కాదు, నా బిల్లులో నంబరు దీని మీద లేదు' అంటాండాడు. పిందె పట్టి ఉండాది మేడమ్. ఇప్పుడు నీళ్లు లేకపోతే పిందంతా రాలిపోతాది."

నిజం చెప్పాలంటే, ఆ మధ్యాహ్నం నాకు ఇంకో చోట పని ఉంది. కానీ ఆ మాట విన్నాక సంచి భుజాన వేసుకుని ఎట్లా పోతాను? ఆమె బత్తాయి తోట బడి వెనక దారిలోనే. హెడ్మాస్టరు గొడుగు పట్టుకుని బయల్దేరాడు. ఆయన వెనక అన్నం తిన్న పిల్లలంతా బయల్దేరారు. "మీరెందుకురా?" అంటే "ప్రాక్టికల్ సార్" అన్నారు. ఏం చెప్తాం!

తొట్టి పక్కన రేకుల కింద ఉంది మోటరు. మన వైపు కొత్త మోటరు వస్తే పూజ చేయకుండా స్విచ్చి వేస్తారా? పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, అప్పుడే. ఇక బొట్టు ఎక్కడ పెడతారు? మోటరుకు మొహం ఏది? కంపెనీ పేరున్న చిన్న ప్లేటే దాని మొహం. సరిగ్గా దాని మీదే, నంబరు ఉన్న చోటే, వేలెడు బొట్టు పెట్టారు. నూనెతో కలిపిన కుంకుమ. తర్వాత అంగడాయన నంబరేదని అడిగితే వంటక్క భర్త చింతపండు వేసి, బూడిద వేసి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమాడు. బొట్టూ పోయింది, నంబరూ పోయింది. రెండు అంకెల తోకలు మాత్రం మిగిలాయి.

"అయ్యో దేవుడా!" అన్నాను. పైకే అన్నాను. వంటక్క మొహం చిన్నబోయింది.

అయితే ఒకటి మాత్రం తెలిసింది. ఆ కంపెనీ మోటర్లు నేను చాలా చూశాను. వాళ్లు నంబరును లోహంలోకి చెక్కుతారు, ఎంత తోమినా పోదు. ఇక్కడిది ఉత్త సిరా. పక్కనుంచి టార్చి వేసినా ఒక్క గీత లేవలేదు. అనుమానం బలపడింది, కానీ అది అనుమానమే. అంగడాయన ప్లేటు మీరే మార్చారంటే? ఈ మోటరునే వాడు అమ్మాడని, దీని మీద బిల్లులో రాసిన నంబరే ఉండేదని ఎట్లా చూపించాలి?

క్లాసులో ప్రశ్న అడిగిన అమ్మాయే మళ్లీ నోరు తెరిచింది. "పూజ నాడు ఫోటో తీసుకోలేదా వంటక్కా?"

తీసుకున్నారు. వంటక్క ఫోన్లో వాట్సాప్‌లో ఉంది. మోటరుకు పూలదండ, పక్కన ఆమె, ఆమె భర్త. ప్లేటు పెద్దది చేసి చూస్తే బూడిదరంగు మరక. నలిగిన ఫోటో. "తీసిందెవరు?" అంటే కర్ణాటక పక్కనున్న గుమ్మఘట్ట నుంచి వచ్చిన ఆమె చెల్లెలు. ఫోన్ కలిపించాను. ఆ మహాతల్లి సగం కన్నడ, సగం తెలుగు కలిపి "ఇదె అక్కా, ఉండాది, డిలీట్ చేయలేదు" అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. డాక్యుమెంట్‌గా ఎట్లా పంపాలో ముందు బెంచీ అమ్మాయే ఫోన్లో ఆమెకు నేర్పించింది. నేను చెప్పి గంటన్నా కాలేదు!

అసలు ఫోటో వచ్చింది. బొట్టు పెట్టకముందు తీసింది. ప్లేటు మీద నంబరు చదవగలిగేట్టు ఉంది, బిల్లులోదీ అదే. ప్లేటును బిగించిన రివిట్లలో కుడివైపు పైనది వంకరగా కూర్చుంది. ఇప్పుడున్న మోటరుకూ అదే వంకర, పక్కనే పెయింటు మీద అదే గీత. ఇది ఆ మోటరే. అన్నీ తీసి, బిల్లుతో సహా కంపెనీకి పంపాను.

మరునాడే మోటరు కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. ఆ నంబరు మోటరు వాళ్లు ఎప్పుడో వేరే ఊర్లో అమ్మారట, అది అక్కడ ఇప్పటికీ తిరుగుతోందట. ఇది దొంగదే. ఆయన గొంతులో సంతోషం. "అద్భుతం మేడమ్. మోటరును ఎవరూ ముట్టుకోకూడదు. మా టెక్నీషియన్ వచ్చి విప్పి చూస్తాడు. పోలీసు ఫిర్యాదు మేం చూసుకుంటాం."

"మరి ఆమెకు కొత్త మోటరు?"

"అది మా మోటరు కాదు కదా మేడమ్. వారంటీ ఎట్లా ఇస్తాం?"

ఆ మాటలో తప్పేం లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. అది దొంగదని మేం నిరూపించిన క్షణంలోనే ఆమెకు వారంటీ అనే ఆశ పోయింది. ఇక ఆమె అడగాల్సింది అమ్మినవాడినే, వినియోగదారుల కమిషన్‌లో. దానికి టైము పడుతుంది. చెట్టుకు టైము తెలుసా?

వంటక్కకు ఈ సంగతి చెప్పడానికి పోయాను. ఆమె, ఆమె భర్త తొట్టిలోంచి బిందెలతో నీళ్లు ముంచి చెట్టు చెట్టుకూ మోస్తున్నారు. తెల్లారి వంట, మధ్యాహ్నం వడ్డన, ఆ తర్వాత ఇది. అంతా విని బిందె కింద పెట్టింది.

"దొంగను పట్టుకుంటారు. సంతోషమే. నా చెట్లకు నీళ్లెవురు పోస్తారక్కా?"

దానికి దారీ ఆమే చెప్పింది. ఊర్లో మోటరు మెకానిక్ ఉన్నాడు. లోపల కాలిన తీగ చుట్ట తీసేసి కొత్త రాగి తీగ చుడితే ఇదే మోటరు మళ్లీ తిరుగుతుంది. "ఇప్పుడే కూచుంటానన్నాడు. మీరు ముట్టుకోవద్దన్నారని ఆపినా."

"ఆపండి. టెక్నీషియన్ వస్తాడు" అన్నాను. విప్పితే సాక్ష్యం పోతుంది. కాలిన చుట్ట చేతులు మారితే, లోపల ఏ తీగ ఉండేదో ఎవరు నమ్ముతారు?

టెక్నీషియన్ సోమవారం వస్తానన్నాడు. రాలేదు. గురువారం అన్నాడు. హిందూపురంలో పని పడిందట. నాకు ఎక్కడా నిలబడాలనిపించలేదు. గుంతకల్లులో టీపొడి డబ్బాలు ఫోటో తీస్తున్నా మనసు చీనీ తోటలోనే. రోజుకు నాలుగుసార్లు మేనేజరుకు ఫోన్. నాలుగోసారి ఆయన ఎత్తడం మానేశాడు. ఎండ ఏమో ఏ రోజుకారోజు పెరుగుతోంది. సాయంత్రం ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటే, గాలికి బదులు నా మాటే వినిపించేది: ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు.

ఆదివారం పొద్దున ఇక ఉండలేక స్కూటీ తీశాను. తోటలో అడుగు పెడితే చెప్పుల కింద ఏదో పటపటమంటోంది. కిందికి చూశాను. పిందెలు. గోలీలంత పిందెలు, పచ్చగా, చెట్ల కింద పరుచుకుని ఉన్నాయి. ఆకులు దోనెల్లాగా ముడుచుకున్నాయి. బిందెల నీళ్లు ఎన్ని చెట్లకు చాలుతాయి? వంటక్క రాలిన పిందెలు ఏరి గంపలో వేస్తోంది. ఎందుకు ఏరుతోందో ఆమెకే తెలియదనుకుంటా.

ఆ ఆదివారం పొద్దున అక్కడే నిలబడి మేనేజరుకు మెసేజ్ పెట్టాను. "రేపు మోటరు విప్పుతున్నాం. మీ మనిషి వస్తే రండి. రాకపోతే ఫోటోల్లో చూడండి." ఈసారి ఆయనే ఫోన్ చేశాడు. కేసు బలహీనమవుతుందన్నాడు. నా పని నేను చెడగొట్టుకుంటున్నానన్నాడు. "చెట్టు చచ్చిపోయినాక మీ కేసు బలం పెట్టి ఏం చేసుకోవాలప్పా?" అని అరిచి పెట్టేశాను. ఆ కంపెనీ పనే నాకు ఇంటి బాడుగ.

సోమవారం బడి వదలగానే మొదలుపెట్టాం. హెడ్మాస్టరు, గ్రామ సచివాలయం నుంచి ఒక ఉద్యోగి సాక్షులు. మెకానిక్ స్క్రూ పట్టిన ప్రతిసారీ "ఆగండన్నా!" అని పిల్లలు అరిచేవాళ్లు. ముందు మొత్తం మోటరు ఫోటో. తర్వాత దగ్గరగా. స్కేలు పక్కన. అప్పుడే స్క్రూ కదలాలి. మెకానిక్‌కు విసుగొచ్చి "ఇది మోటరా, పెండ్లి కూతురా?" అన్నాడు. అందరం నవ్వాం. అంత ఎండలోనూ నవ్వాం.

రివిట్లు కోసి ప్లేటు ఎత్తాం. దాని కింద పెయింటు మూసేసిన రెండు పాత రంధ్రాలు. టార్చి పక్కనుంచి వేస్తే బాగా కనిపించాయి. అంటే ఇంకో ప్లేటు తీసేసి, పాత మోటరుకు రంగేసి, ఈ ప్లేటు కొట్టారు. లోపల చుట్ట రాగి రంగులోనే ఉంది. కాలని చోట ఒక తీగ తీసి బ్లేడుతో గీరమన్నాను. గీరకముందు ఒక ఫోటో, గీరాక ఒక ఫోటో. ఎర్రగా రావాల్సింది తెల్లగా వచ్చింది. అల్యూమినియం. ప్లేటు, రివిట్లు, చుట్ట వేరువేరు కవర్లలో పెట్టి, సీలు చేసి, సాక్షులతో సంతకాలు పెట్టించాం. ఫోటోలు అసలువి అసలుగానే ఉంచాం. మోటరు గుల్ల మెకానిక్ తీసుకుపోయాడు.

బుధవారం డ్రిప్పులో నీళ్లు పారాయి. వంటక్క ఒక పైపు దగ్గర కూర్చుని బొట్టు బొట్టుగా పడే నీళ్ల కింద చెయ్యి పెట్టుకుంది.

చెట్లు బతికాయి. ఆ ఏడు కాపు మాత్రం పోయింది, దాదాపు అంతా. మా ఫోటోలతో కంపెనీ ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ అంగట్లో ఇంకా కొన్ని అట్లాంటి మోటర్లే పట్టుకున్నారు. ఆమె కమిషన్‌లో వేసిన కేసు నడుస్తూనే ఉంది. 'మోటరు విప్పేశారు కదా, ఇక నిరూపణ ఏది?' అని అంగడాయన వకీలు వాదిస్తున్నాడు. ఫోటోలు నిలబడతాయనే నా నమ్మకం. కానీ వాయిదా వచ్చిన ప్రతిసారీ వాటిని మళ్లీ మొదటి నుంచి చూసుకుంటాను. మేనేజరు ఇప్పటికీ నాతో ముభావంగానే మాట్లాడతాడు. వారం ముందే విప్పమని ఉంటే ఎన్ని పిందెలు నిలిచేవో అని ఇప్పటికీ అనుకుంటాను.

దసరాకు ఆయుధపూజ నాడు రమ్మని కబురు పెట్టింది. పోయాను. గరిటెలకు, కొడవలికి, స్టార్టరు పెట్టెకు, బడి గంటకు కూడా బొట్లు. పిల్లలు ముందే హెచ్చరిస్తున్నారు: "నంబరు మీద కాదు వంటక్కా, పక్కన పెట్టు." ఆమె నవ్వుకుంటూ ప్రతిదానికీ పక్కనే పెట్టుకుంటూ వచ్చింది. నా స్కూటీకీ పెట్టింది.

చివర్న మోటరు దగ్గరికి వచ్చాం. ప్లేటు ఉండాల్సిన చోట చదరంగా బోడి చోటు, నాలుగు మూలలా రంధ్రాలు, మధ్యలో పెయింటు కింద మూసుకుపోయిన ఆ పాత రెండూ. దాని ప్లేటు కోర్టు కవర్లో ఉంది. వంటక్క కుంకుమ భరిణెలో వేలు ముంచి, సరిగ్గా ఆ బోడి చోట మధ్యలో, పెద్ద బొట్టు పెట్టింది.

"ఈడ పెట్టొచ్చు గదక్కా," అంది నా వైపు తిరిగి. "ఈడ చదివేదానికి ఏం లేదు."

పెట్టొచ్చన్నాను. ఆమె స్విచ్చి వేసింది.